రివిజన్ కార్డుల నుంచి క్విజ్ పోటీ: రౌండ్లు, మార్కులు, స్క్రిప్టు

రివిజన్ కార్డుల కట్టలో ఒక్కో కార్డుకు ముందువైపు ఒక ప్రశ్న, వెనకవైపు దాని జవాబు ఉంటాయి. కొందరు అట్టముక్కల మీద రాసుకుంటారు, కొందరు కంప్యూటర్‌లో స్లైడ్లుగా చేసుకుంటారు, ఇంకొందరు ఆంకీ లాంటి యాప్‌లో ఎక్కించుకుంటారు. రూపం ఏదైనా వాడే తీరు ఒకటే. విద్యార్థి ఒంటరిగా కూర్చుని కార్డు చూసి, జవాబు గుర్తు తెచ్చుకుని, తిప్పి సరిచూసుకుంటాడు. ఇదే కట్టను తరగతి మొత్తం జట్లుగా ఆడే క్విజ్ పోటీగా మార్చాలంటే కార్డులను వరసగా పైకి చదివితే సరిపోదు. ఏ కార్డు ఏ రౌండుకు పోవాలో, ప్రశ్నను చెవికి ఎక్కేలా ఎలా తిరిగి రాయాలో, దేనికి ఎన్ని మార్కులో, తప్పుకు కోత ఉండాలో వద్దో ముందే తేల్చి, క్విజ్ మాస్టర్ చేతిలో పెట్టే స్క్రిప్టుగా రాసుకోవాలి.

ఆ పని ఎలా సాగుతుందో పదో తరగతి జీవశాస్త్రంలోని ప్రసరణ పాఠంతో చూడవచ్చు. గుండె, రక్తనాళాలు, రక్తం గడ్డకట్టడం, మొక్కల్లో నీటి రవాణా అందులో వస్తాయి. కట్టలో 36 కార్డులు ఉన్నాయనీ, తరగతిలో 24 మంది ఉన్నారనీ, చేతిలో 45 నిమిషాల పీరియడ్ ఒకటే ఉందనీ అనుకుందాం. ఆరుగురికి ఒకటి చొప్పున నాలుగు జట్లు అవుతాయి. వాటికి గోదావరి, కృష్ణా, పెన్నా, తుంగభద్ర అని పేర్లు పెట్టవచ్చు.

కార్డును బట్టి రౌండు

చాలామంది ముందు రౌండ్ల పేర్లు ఖాయం చేసి, తర్వాత వాటిలోకి ప్రశ్నలు దూర్చడానికి చూస్తారు. టీవీలో ర్యాపిడ్ ఫైర్ రౌండు ఉంది కాబట్టి ఇక్కడా ఉండాలంటారు. దాంతో నాలుగు వాక్యాల జవాబున్న కార్డు ర్యాపిడ్ ఫైర్‌లో పడి, చదివేలోపే గడువు అయిపోతుంది. సరైన దారి దీనికి ఎదురుగా ఉంటుంది. ముందు కార్డులను బల్ల మీద పరిచి, జవాబు ఎలాంటిదో చూసి కుప్పలు వేయాలి. ఆ కుప్పలే రౌండ్లవుతాయి.

ప్రసరణ కట్టలో 15 కార్డుల జవాబు ఒక్క పేరో ఒక్క మాటో. పుపుస ధమని, హీమోఫీలియా, దారువు లాంటివి. మరో 8 కార్డుల్లో బొమ్మ గానీ అంకె గానీ ఉంటుంది. గుండె నిలువుకోత, రక్తపీడనం 120/80, నిమిషానికి 72 స్పందనలు అలాంటివి. 3 కార్డుల్లో ఒక ప్రక్రియ మెట్లుమెట్లుగా ఉంది. ఇంకో 6 కార్డులు ఒకే వస్తువు గురించి రెండు మూడు లక్షణాలు చెబుతాయి. మిగిలిన 4 కార్డులు ‘ఎందుకు’ అని అడుగుతాయి. ధమని గోడ సిర గోడకన్నా మందంగా ఎందుకుంటుంది అన్నట్టు.

మొదటి కుప్ప నేరుగా అడిగి మౌఖికంగా జవాబు రాబట్టే రౌండుకు సరిపోతుంది. రెండోది పలక రౌండుకు పోతుంది. బొమ్మనో అంకెనో చూపించి నాలుగు జట్లనూ ఒకేసారి రాయమనవచ్చు. ప్రక్రియల కుప్ప వరస రౌండవుతుంది. లక్షణాల కుప్పతో క్లూ రౌండు తయారవుతుంది. ‘ఎందుకు’ కార్డుల దగ్గరే తెలివిగా మెలగాలి. వాటి జవాబు నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు, ఎవరిది సగం సరి, ఎవరిది ముప్పావు సరి అని తేల్చడంలో పోటీ ఆగిపోతుంది. అందుకే వాటిని ప్రశ్నలుగా వాడకుండా, ఇతర ప్రశ్నల జవాబు చెప్పాక క్విజ్ మాస్టర్ చదివే ఒక వాక్యం వివరణగా స్క్రిప్టులో పెట్టాలి. అలా పెడితే కార్డు వృథా కాదు, తగాదా ఉండదు.

కట్టలోని ప్రతి కార్డూ పోటీలో రావాలన్న పట్టుదల మంచిది కాదు. 45 నిమిషాల్లో 20 ప్రశ్నలు సజావుగా నడిస్తే చాలు. రౌండుకు ఒకటో రెండో కార్డులు అదనంగా సిద్ధం చేసి పక్కన ఉంచుకోవాలి. ఎవరో జవాబు అందించేసినా, ప్రశ్న మీద అభ్యంతరం వచ్చినా వెంటనే మార్చడానికి అవి పనికొస్తాయి.

కార్డు మీది మాట, చెవిన పడే ప్రశ్న

కార్డు రాసుకున్నవాడికి దాని నేపథ్యం తెలుసు. అందుకే ముందువైపు ‘పుపుస ధమని?’ అని రాసి, వెనక ‘కుడి జఠరిక నుంచి ఊపిరితిత్తులకు, ఆక్సిజన్ తక్కువ రక్తం’ అని రాసుకుంటే అతనికి చాలు. పోటీలో ‘పుపుస ధమని?’ అని అడిగితే ఎదుటివాళ్లకు ఏం చెప్పాలో తెలియదు. కాబట్టి కార్డును తిరగేసి, వెనకవైపు వివరణను ప్రశ్నగా, ముందువైపు పేరును జవాబుగా చేయాలి. మొదటి ప్రయత్నంలో అది ఇలా రావచ్చు: “ఆక్సిజన్ తక్కువగా ఉన్న రక్తాన్ని మోసే ధమని ఏది?”

వినడానికి బాగానే ఉంది గానీ ఇందులో ఒక చిక్కుంది. గర్భంలోని శిశువులో బొడ్డుతాడు ధమనులు కూడా ఆక్సిజన్ తక్కువగా ఉన్న రక్తాన్నే మాయ వైపు తీసుకెళతాయి. చురుకైన విద్యార్థి ఆ జవాబు చెబితే తప్పనడానికి వీల్లేదు. అచ్చులో ఉన్న కార్డులో ఈ సమస్య రాదు, ఎందుకంటే అక్కడ జవాబు ముందే తెలిసి ఉంటుంది. ప్రశ్నను తిరగేసిన ప్రతిసారీ ‘దీనికి ఇంకో సరైన జవాబు ఉందా?’ అని వెతకడం తప్పనిసరి. ఇక్కడ ఒక్క మాట చేరిస్తే దారి మూసుకుపోతుంది: “గుండె నుంచి నేరుగా బయలుదేరి, ఆక్సిజన్ తక్కువగా ఉన్న రక్తాన్ని మోసే ధమని ఏది?”

మరీ తేలికైన కార్డులకు వేరే చికిత్స కావాలి. ‘మనిషి గుండెలో గదులు – 4’ అన్న కార్డును ఉన్నదున్నట్టు అడిగితే ఎవరూ ఆలోచించరు. పక్కనే జంతువుల గుండెల గురించిన కార్డు ఉంటే రెండూ కలిపి, “చేప గుండెలో గదులు 2, కప్ప గుండెలో 3. మొసలి గుండెలో ఎన్ని?” అని అడగవచ్చు. మొసలి సరీసృపం కాబట్టి చాలామంది 3 అంటారు, అసలు జవాబు 4. ఒకే కార్డు, కానీ ఇప్పుడది గుర్తుతో పాటు ఆలోచనను కూడా అడుగుతోంది.

ఇక ‘రక్తం చేసే పనులు ఐదు రాయండి’ లాంటి కార్డు పోటీకి అసలు పనికిరాదు. జట్టు నాలుగు చెప్పి ఆగితే మార్కులెన్ని అన్న ప్రశ్న వెంటనే లేస్తుంది. అలాంటి కార్డును ఐదు ముక్కలు చేసి, అందులో మంచిది ఒకటి ఏరుకోవాలి.

తెలుగు వాక్య నిర్మాణం వల్ల వచ్చే ఇబ్బంది ఇంకొకటి ఉంది. మన వాక్యంలో ‘ఏది’, ‘ఎవరు’, ‘ఎన్ని’ అన్న మాట చివర వస్తుంది. పొడుగాటి ప్రశ్న చదువుతున్నంతసేపూ, అడుగుతున్నది మనిషి పేరా, నాళం పేరా, అంకా అన్నది వినేవాళ్లకు తెలియదు. చివరి మాట చెవిన పడేసరికి మొదటి సగం మరిచిపోతారు, ‘మళ్లీ చదవండి’ అంటారు. దీనికి మందు చిన్నది. ప్రశ్నకు ముందే జవాబు జాతి చెప్పేయాలి: “ఒక రక్తనాళం పేరు చెప్పాలి.” తర్వాత రెండు చిన్న వాక్యాల్లో వివరం. స్క్రిప్టు మొత్తం ఈ పద్ధతిలో రాస్తే మళ్లీ చదవాల్సిన ప్రశ్నలు బాగా తగ్గిపోతాయి. గంట కొట్టే రౌండులో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

అందరూ రాసే రౌండ్లకే ఎక్కువ మార్కులు

టీవీ క్విజ్‌లు చూసేవాళ్ల కోసం తయారైనవి. 2000లో మొదలైన కౌన్ బనేగా కరోడ్‌పతిలో గానీ, 2014లో నాగార్జున నడిపిన మీలో ఎవరు కోటీశ్వరుడులో గానీ కుర్చీలో కూర్చునేది ఒక్కరే. మిగిలినవాళ్లు వినోదంగా చూస్తారు. రివిజన్ కోసం ఆడే పోటీ లక్ష్యం వేరు. అక్కడ ప్రతి ప్రశ్నకూ ప్రతి విద్యార్థీ జవాబు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాలి. అమెరికాలో రోడిగర్, కార్పికి అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగం ఈ తేడాను బాగా చూపింది. ఒక పాఠ్యభాగాన్ని కొందరు రెండోసారి చదివారు, మరికొందరు చూడకుండా గుర్తున్నంతవరకు రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే మెరుగు. వారం తర్వాత అడిగితే రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. గుర్తు తెచ్చుకోవడానికి చేసిన ప్రయత్నమే జ్ఞాపకాన్ని గట్టిపరిచింది.

దీన్ని బట్టి మార్కుల పంపకం తేలుతుంది. నేరుగా అడిగే రౌండులో ఒక జట్టు ఆలోచిస్తుంటే మూడు జట్లు వింటుంటాయి. కాబట్టి దాన్ని చిన్నదిగా ఉంచి, వేడి పుట్టించడానికి మాత్రమే వాడాలి. నాలుగు జట్లూ ఒకేసారి రాసే పలక, వరస రౌండ్లలోనే ఎక్కువ మార్కులు ఉండాలి. ఈ కట్టకు తయారైన ప్రణాళిక ఇది: మొదటి రౌండులో జట్టుకు రెండు చొప్పున 8 ప్రశ్నలు, సరైన జవాబుకు 10, పాస్ అయి వచ్చినదానికి 5. పలక రౌండులో 5 ప్రశ్నలు, ఒక్కోదానికి 10. వరస రౌండులో 2 ప్రశ్నలు, ఒక్కోదానికి గరిష్ఠంగా 20. క్లూ రౌండులో 4 ప్రశ్నలు, మొదటి క్లూకే చెబితే 15, రెండో దానికి 10, మూడో దానికి 5, తప్పుకు 5 కోత. చివర ఒక పందెం ప్రశ్న, దాని మీద జట్టు 20 మార్కుల వరకు ఒడ్డవచ్చు. ప్రశ్నలకు 32 నిమిషాలు పడుతుంది. నియమాలు చెప్పడానికి, మార్కులు బోర్డు మీద వేయడానికి ఏడెనిమిది నిమిషాలు పోయినా ఐదు నిమిషాలు చేతిలో మిగులుతాయి. ఆ ఐదు నిమిషాలనూ మరో ప్రశ్నతో నింపకూడదు. అభ్యంతరాలు ఎప్పుడూ వస్తాయి, వాటికి సమయం కావాలి.

పాస్ పద్ధతిలో దాగి ఉన్న అన్యాయం ఒకటి క్విజ్‌లు ఆడేవాళ్లందరికీ తెలుసు. బలహీనమైన జట్టు పక్కన కూర్చున్నవాళ్లకు పాస్ ప్రశ్నలు ఎక్కువగా దొరుకుతాయి. కూర్చున్న చోటును బట్టి గెలుపు మారిపోతుంది. 1972లో హైదరాబాద్‌లో పుట్టిన కె-సర్కిల్ లాంటి క్విజ్ క్లబ్బులున్న మన దేశంలో ఈ చిక్కుకు చాలా మందులు వాడుకలోకి వచ్చాయి. తరగతికి తేలికైనది ఇదే: మొదటి నాలుగు ప్రశ్నలు ఎడమ నుంచి కుడికి, తర్వాతి నాలుగు కుడి నుంచి ఎడమకు తిప్పాలి. పాస్ ప్రశ్న తప్పితే కోత వద్దు. లేకపోతే జట్లు నోరు విప్పవు.

వరస రౌండు మార్కులు వేయడం అన్నింటికన్నా మెళకువ కోరే పని. రక్తం గడ్డకట్టడాన్ని ఆరు చీటీల్లో రాశామనుకుందాం: గాయమై రక్తఫలకికలు చిట్లడం, థ్రాంబోకైనేజ్ విడుదల, ప్రోత్రాంబిన్ థ్రాంబిన్‌గా మారడం, ఫైబ్రినోజన్ ఫైబ్రిన్‌గా మారడం, ఫైబ్రిన్ పోగుల వలలో రక్తకణాలు చిక్కుకోవడం, గడ్డ కుంచించుకుని పసుపు రంగు సీరం బయటపడటం. చీటీలు కలిపి ఇస్తే జట్టు వాటిని వరసలో పెట్టాలి. సరైన స్థానంలో ఉన్న ఒక్కో చీటీకి ఇన్ని మార్కులని పెడితే ఏమవుతుందో చూడండి. ఒక జట్టు మొదటి చీటీని పొరపాటున చివర పెట్టి, మిగిలిన ఐదింటినీ సరిగ్గా పేర్చింది. అన్నీ ఒక్కో స్థానం ముందుకు జరిగాయి కాబట్టి దానికి సున్నా వస్తుంది. ఆ జట్టుకు ప్రక్రియ దాదాపు అంతా తెలుసు, మార్కులు మాత్రం ఏమీ తెలియదంటున్నాయి. స్థానాలకు బదులు జతలను లెక్కపెడితే ఈ అన్యాయం పోతుంది. ఆరు చీటీల మధ్య ఐదు జతలు ఉంటాయి. ఒకదాని వెంట సరైన రెండోది వచ్చిన ప్రతిచోటా 4 మార్కులు. పై జట్టుకు నాలుగు జతలు సరి, కాబట్టి 16 వస్తాయి.

వరస రౌండుకు తగిన రెండో ప్రక్రియ వేరు నుంచి ఆకు దాకా నీటి ప్రయాణం: మూలకేశాలు, వల్కలం, వేరులోని దారువు, కాండంలోని దారువు, ఆకు ఈనెలు, పత్రరంధ్రాలు. దీనికి మొదలూ చివరా స్పష్టంగా ఉన్నాయి. రక్తం ప్రయాణం అలా కాదు. అది చక్రం కాబట్టి ఎక్కడ మొదలుపెట్టినా వరస సరైనదే అవుతుంది. బయలుదేరే చోటు చెప్పకుండా ఆ ప్రశ్న అడగకూడదు.

తప్పుకు కోత ఎక్కడ ఉండాలన్నది లెక్కతోనే తేలుతుంది. పలక రౌండులో కోత అక్కర్లేదు, అందరూ ప్రయత్నించాలి. గంట రౌండులో మాత్రం ఎవరు ముందు మోగిస్తే వారిదే అవకాశం కాబట్టి, కోత లేకపోతే తెలియకపోయినా మోగించడమే లాభం. 10 మార్కుల లాభానికి 5 కోత పెడితే, మూడింట ఒక వంతుకన్నా తక్కువ నమ్మకంతో గంట కొట్టేవాళ్లు నష్టపోతారు. బ్రిటన్‌లో 1962లో మొదలైన యూనివర్సిటీ ఛాలెంజ్‌లో కూడా ప్రశ్న పూర్తికాకముందే అడ్డుపడి తప్పు చెప్పిన జట్టుకు 5 మార్కులు పోతాయి. కోత మరీ పెంచి 10 చేస్తే బిడియస్తులైన పిల్లలు గంట ముట్టుకోరు.

క్లూలు, పందెం

క్లూ రౌండుకు సాధారణంగా శాస్త్రవేత్తల పేర్లు ఎంచుకుంటారు. విలియం హార్వే గురించి అడుగుతూ, ‘ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్‌కు వైద్యుడు’ అని మొదటి క్లూ ఇస్తారు. అది నిజమే, కానీ కట్టలో లేదు. అక్కడ పరీక్షకు వచ్చేది పాఠం కాదు, బయటి జనరల్ నాలెడ్జి. కట్టను బాగా చదివిన పిల్లవాడికన్నా ఇంట్లో పత్రికలు చదివే అవకాశం ఉన్న పిల్లవాడికే 15 మార్కులు పోతాయి. మూడు క్లూలూ కట్టలోని మూడు కార్డుల నుంచే రావాలి.

రక్తకేశనాళికల గురించి మూడు క్లూలు ఇలా కట్టవచ్చు. మొదటి ప్రయత్నంలో ‘దీని గోడ మందం ఒకే ఒక్క కణం’ అని రాస్తే, ఊపిరితిత్తుల్లోని వాయుగోణుల గోడ కూడా అంతే కదా అన్న అభ్యంతరం వస్తుంది. మొదటి క్లూ కష్టంగా ఉండవచ్చు, కానీ ఒక్క జవాబుకే దారి తీయాలి. దిద్దిన తర్వాత స్క్రిప్టులో ఆ పుట ఇలా ఉంటుంది:

క్విజ్ మాస్టర్: ఒక శరీర నిర్మాణం పేరు చెప్పాలి. మొదటి క్లూ, 15 మార్కులు. నా గోడలో ఒకే ఒక్క కణాల పొర ఉంటుంది. నాలోంచి ఎర్ర రక్తకణాలు ఒకదాని వెనక ఒకటిగా దూరి వెళతాయి. (10 సెకన్లు ఆగాలి.)
క్విజ్ మాస్టర్: రెండో క్లూ, 10 మార్కులు. హార్వే నన్ను చూడలేకపోయాడు. 1661లో మాల్ఫీజి సూక్ష్మదర్శిని కింద కప్ప ఊపిరితిత్తుల్లో నన్ను చూశాడు. (10 సెకన్లు.)
క్విజ్ మాస్టర్: మూడో క్లూ, 5 మార్కులు. ధమనుల చివరలను సిరల మొదళ్లతో కలిపేది నేనే. (10 సెకన్లు.)
జవాబు: రక్తకేశనాళికలు. ‘కేశనాళికలు’, ‘క్యాపిల్లరీలు’ కూడా సరే.
‘రక్తనాళం’ అంటే: “ఏ రక్తనాళం?” అని ఒక్కసారి అడగాలి. ‘ధమని’, ‘సిర’ అంటే తప్పు.
వివరణ: గోడ పలచన కాబట్టే ఆక్సిజన్, పోషకాలు కణాలకు చేరతాయి.
కార్డులు: 11, 12, 19.

జవాబు కింద ఉన్న రెండు పంక్తులే పోటీని తగాదాల నుంచి కాపాడతాయి. తెలుగు రాష్ట్రాల తరగతుల్లో ఒకరు దారువు అంటారు, ఇంకొకరు జైలం అంటారు. రక్తపీడనం 120/80లో 80 దేన్ని సూచిస్తుందని అడిగితే ‘డయాస్టోల్’, ‘జఠరికలు సడలినప్పుడు’, ‘గుండె విశ్రాంతి దశ’ అని మూడు జవాబులు రావచ్చు, మూడూ సరైనవే. ఏవి ఒప్పుకోవాలో, దేనికి ఇంకో మాట అడగాలో, ఏది తప్పో ముందే రాసి ఉంటే క్విజ్ మాస్టర్ మొహమాటపడాల్సిన అవసరం ఉండదు. అప్పటికప్పుడు తేల్చిన తీర్పు ఒక జట్టుకు ఒకలా, మరో జట్టుకు మరోలా మారిపోతుంది.

చివరి పందెం ప్రశ్నలో జట్లు ముందు అంశం పేరు మాత్రమే వింటాయి, ఎంత ఒడ్డుతారో రాసి ఇస్తాయి, ఆ తర్వాతే ప్రశ్న. సరైతే అన్ని మార్కులు కలుస్తాయి, తప్పితే అన్ని పోతాయి. దీనికి పక్కన పెట్టిన రక్త ప్రయాణం కార్డు బాగుంటుంది: పాదంలోని సిర నుంచి బయలుదేరిన ఎర్ర రక్తకణం మెదడుకు చేరేలోపు గుండెలో ఏయే గదులు దాటుతుంది? ‘ఎన్ని గదులు’ అని అడిగితే నాలుగు అని ఊహించి చెప్పేస్తారు. అందుకే పేర్లు వరసగా రాయమనాలి: కుడి కర్ణిక, కుడి జఠరిక, ఊపిరితిత్తులకు వెళ్లి వచ్చాక ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక.

పందెం పరిమితి 20 అని ఎందుకు పెట్టామో ఒక నమూనా లెక్క చూస్తే తెలుస్తుంది. స్క్రిప్టు పూర్తయ్యాక ఇలాంటి లెక్క ఒకటి కాగితం మీద వేసి చూడాలి. మొదటి రౌండు తర్వాత గోదావరి 20, కృష్ణా 15, పెన్నా 25, తుంగభద్ర 10 అనుకుందాం. పలక రౌండులో వరసగా 40, 30, 40, 30 వస్తే మొత్తాలు 60, 45, 65, 40. వరస రౌండులో 28, 32, 24, 36 వస్తే 88, 77, 89, 76. క్లూ రౌండులో గోదావరి తొందరపడి 5 పోగొట్టుకుంది, కృష్ణా మొదటి క్లూకే చెప్పి 15 తెచ్చుకుంది, పెన్నాకు 10, తుంగభద్రకు రెండు ప్రశ్నల్లో కలిపి 15. ఇప్పుడు 83, 92, 99, 91. చివరి జట్టుకూ మొదటి జట్టుకూ మధ్య 16 మార్కులే తేడా. గోదావరి 20 ఒడ్డి గెలిస్తే 103 అవుతుంది, పెన్నా భయపడి ఏమీ ఒడ్డకపోతే దాన్ని దాటిపోతుంది. ఆశ అందరికీ ఉంది. పందెం పరిమితి 100 చేస్తే మాత్రం అంతకుముందు అరగంట కష్టానికి విలువ ఉండదు. 5 చేస్తే చివరి రౌండుకు ముందే ఫలితం తేలిపోయి మూడు జట్లు నీరుగారిపోతాయి. ఊహించదగ్గ తేడాకన్నా కొంచెం ఎక్కువగా పరిమితి ఉండటమే సరైన కొలత.

సమానమైతే తేల్చడానికి దగ్గరి అంకె ప్రశ్న ఒకటి జేబులో ఉండాలి. నిమిషానికి 72 సార్లు కొట్టుకునే గుండె రోజుకు ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కకట్టకుండా పది సెకన్లలో అంచనా రాయాలి. జవాబు 1,03,680. ఎవరి అంకె దగ్గరగా ఉంటే వారిదే గెలుపు. ఇదీ కట్టలోని కార్డు నుంచే పుట్టింది.

పోటీకి ముందు, తర్వాత

పూర్తయిన స్క్రిప్టును మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి గొంతెత్తి చదవాలి. రెండు లోపాలు ఈ చదువులోనే బయటపడతాయి. ఒకటి, నాలుక తడబడే వాక్యాలు. చదివేవాడు తడబడితే వినేవాడికి అర్థం కాదు. రెండోది జవాబు జారిపోవడం. రెండో ప్రశ్న వివరణలో ‘పుపుస సిరలో మాత్రం ఆక్సిజన్ ఎక్కువగా ఉంటుంది’ అని చెప్పేస్తే, ఆరో ప్రశ్న జవాబు పుపుస సిర అయినప్పుడు అది ఉచిత దానమే. ప్రశ్నలను విడివిడిగా రాసేటప్పుడు ఇది కనిపించదు, వరసగా చదివితేనే దొరుకుతుంది. అలాంటిచోట వివరణనైనా మార్చాలి, ప్రశ్నల వరసనైనా మార్చాలి. చదువుతున్నప్పుడు గడియారం కూడా చూసుకోవాలి. ఒంటరిగా చదవడానికి 20 నిమిషాలు పట్టిందంటే, జట్లు ఆలోచించే సమయంతో కలిపి పీరియడ్ దాటిపోతుంది.

పోటీ జరుగుతున్నప్పుడు బోర్డు మీద మార్కులు వేసేవారితో పాటు, కార్డు నంబరు ఎదురుగా ఎన్ని జట్లు తప్పాయో గుర్తుపెట్టే విద్యార్థి ఒకరు ఉండాలి. స్క్రిప్టులో ప్రతి ప్రశ్న కింద కార్డు నంబరు వేయడం ఇందుకే. పలక, వరస రౌండ్లలో నాలుగు జట్ల జవాబులూ కాగితం మీద ఉంటాయి కాబట్టి ఈ లెక్క నికరంగా వస్తుంది. క్లూ రౌండు నుంచి వచ్చే లెక్కను అంత నమ్మకూడదు, అక్కడ తెలిసినవాళ్లు కూడా గంట అందక ఊరుకుని ఉండవచ్చు.

ఆ చీటీని చదవడంలో ఒక వివేచన కావాలి. రెండు మూడు జట్లు తలా ఒక రకంగా తప్పిన కార్డు నిజంగా రానిది, కట్టలో దాన్ని ముందుకు తెచ్చి మరుసటి రోజే తిప్పించాలి. నాలుగు జట్లూ ఒకే తప్పు జవాబు రాస్తే ముందుగా అనుమానించాల్సింది ప్రశ్నను, ఆ తర్వాత కార్డును. మొసలి గుండెకు నాలుగు జట్లూ 3 అని రాశాయంటే అది పిల్లల సహజమైన పొరపాటు, దాన్ని విడమరచి చెప్పాలి. 80 అంకె గురించి నాలుగు జట్లూ ‘సిస్టోల్’ అని రాశాయంటే మాత్రం కార్డు మీదే రెండు మాటలూ తారుమారుగా రాసి ఉండే అవకాశం ఎక్కువ. పాఠ్యపుస్తకం తెరిచి సరిచూసి, అవసరమైతే కార్డును దిద్ది కట్టలో పెట్టాలి. నాలుగు జట్లూ తడుముకోకుండా రాసిన కార్డులను కట్ట అడుగుకు పంపి, వచ్చేసారి పోటీలో వాటి స్థానంలో పక్కన మిగిలిన అదనపు కార్డులను తీసుకోవచ్చు.